స్ప్రేయర్ అన్‌బాక్సింగ్‌లో కంపెనీ చెప్పమన్న ఏడు మాటలు ఎలా పెట్టాం



మొన్న మేం పెట్టిన బ్యాటరీ స్ప్రేయర్ అన్‌బాక్సింగ్ వీడియో చూసి ఇద్దరు తమ్ముళ్లు, ఒక అక్క ఒకే ప్రశ్న అడిగారు. "కంపెనీ వాళ్లు డబ్బులిచ్చారని మొదట్లోనే చెప్పారు కదా, మరి అది అడ్వర్టైజ్‌మెంటులా ఎందుకు అనిపించలేదు? వాళ్లేమీ చెప్పమనలేదా?" అని. చెప్పమన్నారు. ఏడు పాయింట్లు రాసి పంపారు. ఏడూ వీడియోలో ఉన్నయ్, కాకపోతే వాళ్లు రాసిన రూపంలో లేవు. మన గ్రూపులో చానెల్ పెట్టినవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇయర్‌బడ్స్ కంపెనీలు, మిక్సీ కంపెనీలు, పురుగుమందుల షాపులు ఇట్టాంటి మెసేజ్‌లు పంపుతానే ఉంటాయి. అందుకని మేం చేసిన పద్ధతి వివరంగా రాస్తున్నాం. కొంచెం పొడుగైద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒప్పందం ఏంటో చెప్తాం. స్ప్రేయర్ మాకే ఉంచేసుకోవాలి, పైన 4,000 రూపాయలు. సగం ముందు, సగం వీడియో పెట్టాక. పెట్టేముందు వాళ్లకి చూపించాలి, రెండుసార్లు మాత్రమే మార్పులు అడగొచ్చు. ఈ "రెండుసార్లు" అనే మాట మేమే రాయించుకున్నాం. అది లేకపోతే ప్రతి సోమవారం ఇంకో మాట ఇరికించమని మెసేజ్ వస్తది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఈ పోస్టు వాళ్ల గురించి కాదు.

వాళ్లు వాట్సాప్‌లో పంపిన కాగితాన్ని ఆ లైన్లో బ్రీఫ్ అంటారు. మా బ్రీఫ్‌లో ఉన్నవి ఇవి: కంపెనీ పేరు మొదటి 30 సెకన్లలో రావాలి. 16 లీటర్ల ట్యాంకు గట్టిదనం చూపించాలి. 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కసారి చార్జ్ చేస్తే 20 ట్యాంకులు కొడుతుందని చెప్పాలి. మెత్తటి బెల్టు వల్ల భుజానికి బరువే తెలియదనాలి. మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు ఉచితమని, వాటివల్ల మందు నుంచి పూర్తి రక్షణ అని చెప్పాలి. ఆరు నెలల వారంటీ. చివర్లో డిస్కౌంట్ కోడ్. అంతా పుస్తకం తెలుగులో, ఏదో హిందీ కాగితాన్ని మాటకు మాట దించినట్టు ఉంది. "మీ పంటకు ఇవ్వండి ఉత్తమ సంరక్షణ" అని ఒక వాక్యం. కొల్లిపరలో ఎవరైనా అట్టా మాట్లాడితే జ్వరం వచ్చిందేమో అని నుదురు పట్టుకుని చూస్తారు.

వీడియో సహజంగా ఉండటం అంటే నవ్వుతా మాట్లాడటం అని చాలామంది అనుకుంటారు. మాకు అర్థమైంది వేరు. చూసేవాడికి అనుమానం ఎప్పుడొస్తుందంటే, చేతిలో ఒకటి జరుగుతుంటే నోరు ఇంకోటి చెప్పినప్పుడు. చెయ్యి అట్టపెట్టె చించుతుంటే నోరు బ్యాటరీ గురించి చెబితే, ఆ మాట ఎవరో రాసిచ్చారని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోద్ది. అందుకే ఏడు పాయింట్లని వాక్యాలుగా నేర్చుకోలేదు. ఒక్కో పాయింటు ఏ పనికి అతుక్కుంటదో చూశాం. పనికి అతుక్కునేది ఆ పని చేసేటప్పుడే చెప్పాలి. పరీక్ష పెడితే తప్ప తెలియనిది పరీక్ష పెట్టాకే చెప్పాలి. ఈ రెండూ కుదరనిది "ఇది కంపెనీ వాళ్ల మాట" అని చెప్పి, అప్పజెప్పినట్టు అప్పజెప్పాలి. దీంట్లో కూడా ఇమడనివి రెండు మిగిలినయ్, బరువు మాట, రక్షణ మాట. వాటి గురించి కింద చెప్తాం.

మొదటి పాయింటు తేలిగ్గా అయిపోయింది, చట్టమే సాయం చేసింది. ప్రకటనల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం నియమాలు పెట్టింది. రెండు నిమిషాలు, అంతకన్నా పొడుగు వీడియో అయితే, ఆ వస్తువు గురించి మాట్లాడే భాగం మొత్తం తెర మీద ప్రకటన అని కనపడుతూ ఉండాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ విషయం కింద డిస్క్రిప్షన్లో రాస్తే సరిపోదు, వీడియోలోనే కనపడాలి, వినపడాలి, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో ఉండాలి. యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ అనే డబ్బాలో టిక్ పెడితే మొదట్లో కొన్ని సెకన్లు "Includes paid promotion" అని వస్తది. కానీ మన ఊళ్లల్లో అది చదివి అర్థం చేసుకునేది ఎంతమంది? అందుకని 12వ సెకనులో నోటితోనే చెప్పాం: "ఈ మిషన్ ఫలానా కంపెనీ వాళ్లు మాకు ఉచితంగా పంపారు, పైన డబ్బులు కూడా ఇచ్చారు. వాళ్లు చెప్పమన్నవి చెప్తాం, మేం చూసినవీ చెప్తాం." కంపెనీ పేరు 30 సెకన్లలోపే వచ్చింది. వాళ్ల పాయింటు, ప్రభుత్వం నియమం, రెండూ ఒక్క వాక్యంలో తీరినయ్. పైమూల "డబ్బులు తీసుకుని చేసిన ప్రకటన" అని తెలుగులో చివరిదాకా ఉంచాం.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. డబ్బు సంగతి మొదట్లోనే బయటపెడితే ఆ తర్వాత దాచడానికి ఏమీ ఉండదు. గొంతు మామూలుగా ఉంటది. దాచిన మనిషే, పాయింటు దగ్గరికి రాగానే గొంతు మార్చేది. కావాలంటే ఏదైనా స్పాన్సర్ వీడియో పెట్టి కళ్లు మూసుకుని వినండి. ఎక్కడ గొంతు అరమెట్టు పైకి లేచి, మాటల మధ్య ఎడం సమానమైపోతుందో, అక్కడ కాగితం మొదలైనట్టు.

ఇక పెట్టె తెరవటం. సీల్ ఒక్కసారే చించగలం. మళ్లీ టేపు వేసి రెండోసారి తెరిస్తే టేపు కింద మొదటి టేపు గీరిన మచ్చ కనిపిస్తది, మొహంలో ఆశ్చర్యం అసలే రాదు. అందుకని ఒక్క టేకులోనే అవ్వాలనుకున్నాం. ఫోన్లు రెండు పెట్టాం. ఒకటి ఎదురుగా స్టాండు మీద, ఇంకోటి వేపకొమ్మకి తాడుతో కట్టి పైనుంచి చేతులే కనపడేట్టు. ఏదైనా మాట తడబడితే ఆ ముక్క తీసేసి పైనున్న ఫోన్లో చేతుల దృశ్యం వేసుకోవచ్చు, మళ్లీ నటించే పని ఉండదు. కాలర్ మైకు 300 రూపాయలది, దానికి చిన్న స్పాంజి ముక్క చుట్టాం, కృష్ణ వైపు నుంచి వచ్చే గాలికి. పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం. ఎనిమిది దాటితే ట్రాక్టర్లు, అరటిగెలల ఆటోలు మొదలైపోతాయి, ఇక మాట వినపడదు.

పెట్టె ఎవరు తెరవాలి అన్నదే మేం ఎక్కువ సేపు ఆలోచించిన సంగతి. మేం ముగ్గురం హాస్టల్ పిల్లలం, పుట్టి బుద్దెరిగాక స్ప్రేయర్ భుజాన వేసుకున్నది తక్కువ. మాలో ఒకడి మావయ్య కొల్లిపరలోనే ఉంటాడు. ఇరవై ఏళ్ల నుంచి మినుము చేలకి, అరటితోటలకి, పసుపుకి కూలికి మందు కొట్టడమే ఆయన పని. ట్యాంకుకి ఇంత అని లెక్క. ఆయన్ని కూర్చోబెట్టాం. బ్రీఫ్ ఆయనకి చూపించలేదు, పాయింట్లూ చెప్పలేదు. "కొత్త మిషన్ వచ్చింది మావయ్యా, తీసి చూడు, నీకేం అనిపిస్తే అది అను" అన్నాం, అంతే. మాలో ఒకళ్లం పక్కన కూర్చుని బ్రీఫ్ మనసులో పెట్టుకున్నాం. ఆయన ముట్టుకోని పాయింటు ఉంటే దాని గురించి అడగటమే మా పని. అదీ నిజంగా మనకి తెలియక అడిగినట్టు ఉండాలి. "ఇంత బాగుందా మావయ్యా?" లాంటి ప్రశ్నలు వద్దు, అవి అద్దెకి తెచ్చిన ప్రశ్నలని తెలిసిపోతాయి.

ఆయన ముందు చూసింది ట్యాంకు కాదు, బ్యాటరీ కాదు, నాజిల్. సంచిలోంచి నాలుగు రకాలు తీసి చాపమీద వరసగా పెట్టాడు. ఇది పురుగుమందుకి, గొడుగులాగా గుండ్రంగా పడుద్ది. ఇది కలుపుమందుకి, చీపురులాగా పల్చగా పడుద్ది. ఇది రెండు మూతులది. ఇది చెట్లకి. కంపెనీ ఏడు పాయింట్లలో నాజిళ్ల ఊసే లేదు! ఆ నిమిషంన్నర మాకు బోనస్. తర్వాత బెల్టు పట్టుకుని వేళ్లతో నొక్కి, "మెత్తగానే ఉంది, కుట్టు మటుకు ఒక్క వరసే వేశాడు" అన్నాడు. తర్వాత ట్యాంకు పట్టుకుని కింద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, మూతలో జల్లెడ ఊడదీసి చూసి, "పర్లా, మందమే" అన్నాడు. రెండో పాయింటు అయిపోయింది. "16 లీటర్లు కదా మావయ్యా?" అని మేం అడిగితే, గీతలు వేలితో చూపించి "ఇదిగో 16 కాడ గీత, దాని పైన ఇంకో అరలీటరు పడుద్ది" అన్నాడు. అంకె కూడా వచ్చేసింది. కింద తలుపు తీస్తే బ్యాటరీ మీద కాగితం కనపడింది, 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ అని. ఫోన్ దగ్గరగా పెట్టి మూడు సెకన్లు ఉంచాం, నోటితో ఒక్కసారి చదివాం. అక్కడ ఇంకేం చెప్పలేదు, 20 ట్యాంకులనే మాట తీయలేదు. చార్జింగే పెట్టని బ్యాటరీని పట్టుకుని 20 ట్యాంకులు కొడుద్ది అంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు పరీక్ష సంగతి. ఇదే అసలు భాగం. తెరిచిన రోజే పరీక్ష పెట్టలేం, మొదటిసారి చార్జింగ్ పూర్తిగా ఎక్కాలి. మాకు ఏడు గంటలు పట్టింది. అందుకని రెండో రోజు తీశాం. రెండో రోజని చొక్కాలు చూస్తేనే తెలుస్తది, అయినా నోటితో కూడా చెప్పాం. మంచినీళ్లే కొట్టాం, మందు కలపలేదు. ఎందుకంటే కొలవాల్సింది బ్యాటరీని.

ముందు ఒక నిమిషంలో ఎంత నీళ్లు వస్తున్నయ్యో చూశాం. గుండ్రంగా పడే ఒంటి నాజిల్ పెట్టి, రెగ్యులేటర్ పూర్తిగా తిప్పి, బకెట్‌లోకి ఒక నిమిషం వదిలి లీటరు కొలతతో కొలిచాం. లీటరు రెండు వందల మిల్లీలీటర్లు. అంటే 16 లీటర్ల ట్యాంకుకి పదమూడు నిమిషాల పైచిలుకు. అట్టా ట్యాంకు మీద ట్యాంకు కొట్టుకుంటా పోతే 13 నిండు ట్యాంకులు బాగా వచ్చినయ్. పద్నాలుగోది సగంలో ఉండగా గొడుగు ముడుచుకుపోయి, నీళ్లు చుక్కలు చుక్కలుగా పడ్డయ్. మోటారు శబ్దం కూడా పల్చబడింది. దాదాపు మూడు గంటలు నడిచిందన్నమాట. మళ్లీ పూర్తిగా చార్జింగ్ పెట్టి, మరుసటి రోజు రెండు మూతుల నాజిల్‌తో చేశాం. నిమిషానికి రెండు లీటర్లు పోయినయ్, ట్యాంకు ఎనిమిది నిమిషాల్లో ఖాళీ. 18 ట్యాంకులు వచ్చినయ్, సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు.

దీన్నిబట్టి తేలిందేంటంటే, బ్యాటరీకి ట్యాంకుల లెక్క తెలియదు, దానికి తెలిసింది గంటల లెక్కే. నాజిల్ బొక్క పెద్దదైతే ట్యాంకు తొందరగా ఖాళీ అయిద్ది, కాబట్టి ట్యాంకుల అంకె పెరుగుద్ది. మోటారు ఎక్కువ లాగుద్ది కాబట్టి గంటలు తగ్గుతయ్. కంపెనీవాళ్లు చెప్పిన 20 అబద్ధం అనలేం, ఏ నాజిల్‌తోనో చెప్పలేదు, అంతే. మేం వాళ్లకి కోపంగా రాయలేదు. "సార్, మీ 20 ట్యాంకుల పరీక్ష ఏ నాజిల్‌తో చేశారు? చూసేవాళ్లు కామెంట్లలో అడుగుతారు, మాకు సమాధానం కావాలి" అని రాశాం. రెండు రోజులకి జవాబొచ్చింది, చెట్లకి కొట్టే పెద్ద నాజిల్‌తో అని. అప్పుడు వీడియోలో ఇట్టా చెప్పాం: "కంపెనీ వాళ్లు పెద్ద నాజిల్‌తో 20 ట్యాంకులు అన్నారు. మేం రెండు మూతులదానితో కొడితే 18. ఒంటి నాజిల్‌తో 13." వాళ్ల అంకె కూడా ఉంది, మా అంకెలూ ఉన్నయ్. వాళ్లు ఒప్పుకున్నారు.

దాని వెనకాలే మావయ్య ఒక మాట అన్నాడు, మేం రాసివ్వని మాట. "మినుముకి ఎకరానికి పన్నెండు పదమూడు ట్యాంకులు పడతయ్. అంటే చార్జింగ్ పెడితే ఎకరం." చూసేవాళ్లకి కావాల్సింది ఈ లెక్కే. ఆంపియర్ అవర్ అంటే మనోళ్లకి ఏమొస్తది, ఎకరం అంటే వస్తది. ఎకరంన్నర చేను ఉన్నోడు మధ్యలో చార్జింగ్ అయిపోతే ఏం చేయాలో అప్పుడే ఆలోచించుకుంటాడు. కాబట్టి, తమ్ముళ్లూ, స్పాన్సర్ ఇచ్చిన అంకెని చూసేవాళ్ల కొలతలోకి మార్చండి. ఇయర్‌బడ్స్ అయితే "40 గంటలు" అనకుండా, తెనాలి నుంచి హైదరాబాద్ బస్సులో పోయిరావడానికి సరిపోయిందా లేదా చెప్పండి. అప్పుడు పాయింటు వాళ్లదే అయినా మాట మనదైద్ది.

ఇక ఇమడని రెండు మాటలు.

"భుజానికి బరువే తెలియదు." ఈ మాట మేం ఎట్టా చెప్తాం? కిరాణా కొట్లో కాటా అడిగి తెచ్చి తూచాం. ఖాళీ మిషన్ 5 కిలోల 600 గ్రాములు. 16 లీటర్ల నీళ్లంటే 16 కిలోలు. మొత్తం 21 కిలోల పైన. ఇది ఎత్తుకుని బురదలో తిరిగేది మన నాన్నలు, మన మావయ్యలు. ఆ వీడియో చూసేదీ వాళ్లే, వాళ్ల పిల్లలే. కాటా మీద పెట్టిన దృశ్యం వీడియోలో ఉంచాం. తర్వాత మావయ్యని నిండు ట్యాంకు వేసుకుని గట్టు మీద నడవమని, దిగాక అడిగాం. "బరువు బరువేరా, అదెక్కడికి పోద్ది. కాకపోతే పాత చేతిమిషన్‌కి ఎడంచెయ్యి ఆపకుండా కొట్టుకోవాలి, సాయంత్రానికి చెయ్యి పైకి లేవదు. దీనికి ఆ పని లేదు, ఎడంచెయ్యి ఖాళీ." ఇదీ నిజమైన సుఖం. కంపెనీవాళ్లు బెల్టు మెత్తదనం అమ్ముదామనుకున్నారు, వాళ్ల వస్తువులో అంతకన్నా అమ్ముడుపోయే గుణం వాళ్లకే కనపడలేదు. వాళ్లకి ఈ ముక్క పంపి, "ఆ వాక్యం బదులు ఇది ఉంచుకుంటాం" అన్నాం. వెంటనే సరే అన్నారు. స్పాన్సర్‌తో మాట్లాడేటప్పుడు "ఇది చెప్పం" అని ఊరికే అనొద్దు, దాని స్థానంలో ఏం చెప్తామో తీసుకెళ్లి చూపించండి. వాళ్లకి కావాల్సింది ఆ చోట ఒక మంచి మాట, అదే మాట కాదు.

రెండోది "మందు నుంచి పూర్తి రక్షణ". దీని మీద మాత్రం గట్టిగా నిలబడాల్సొచ్చింది. సంచిలో వచ్చిన మాస్కు పల్చటి గుడ్డది. మావయ్య దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల వేపాకులు కనపడ్డయ్. "దుమ్ముకి పనికొస్తదేమో గానీ మందుకా ఇది?" అన్నాడు. ఆ దృశ్యం అట్టానే ఉంది, మీరు చూసే ఉంటారు. గుడ్డ మాస్కు మందు ఆవిరిని ఆపదు. మన పిల్లల మాట నమ్మి ఒకడు అది మూతికి కట్టుకుని ఎర్ర త్రికోణం మందు కొట్టాడనుకోండి, ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మందు డబ్బా మీద త్రికోణం రంగుని బట్టి విషం తీవ్రత తెలుస్తది: ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆ ఇరవై సెకన్లు మేం అడగకుండానే కలిపాం.

కంపెనీ మొదటి మార్పుల్లో అడిగింది ఇదే. మాస్కు దృశ్యం తీసేసి, వాళ్ల వాక్యం పెట్టమని. మేం ఇట్టా రాశాం: "సార్, మాస్కు ఉచితంగా వస్తుందని చెప్తాం, అది నిజం. పూర్తి రక్షణ అని చెప్పలేం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి చెప్పినవాళ్ల మీద కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. చెప్పినవాడు తగినట్టు విచారించి చెప్పాడా లేదా అన్నదే చూస్తారు. మేం విచారించాం, కాదని తేలింది." ఒక రోజంతా జవాబు లేదు. మిగతా 2,000 పోయినట్టే అనుకున్నాం. ఆ రోజు హాస్టల్లో మాలో మాకే గొడవ, ఒకడు "ఆ ముక్క తీసేద్దాంరా, వాక్యం కూడా పెట్టొద్దు, మధ్యేమార్గం" అన్నాడు. ఇంకొకళ్లం "మావయ్య చేతిలో మాస్కు పట్టుకున్నదే ఆ వీడియోలో అందరూ ఆగి చూసే చోటు, అది తీస్తే మిగిలేది కాటలాగ్" అన్నాం. మర్నాడు జవాబొచ్చింది. దృశ్యం ఉండనివ్వండి, కానీ "మందు కొట్టేటప్పుడు తగిన మాస్కు విడిగా కొనుక్కోండి" అని చేర్చండి అన్నారు. అది మాకూ మంచిదే అనిపించింది, చేర్చాం.

ఇంకో చిన్న సంగతి. రెండో మార్పుల్లో "కొంచెం నీట్ తెలుగులో మాట్లాడితే బాగుంటుంది" అని రాశారు. మావయ్య యాసకి, మా యాసకి అన్నమాట. దీనికి మేం పొడుగ్గా జవాబివ్వలేదు. "మీ మిషన్ కొనేవాళ్లు ఇట్టానే మాట్లాడతారు సార్" అని ఒక్క వాక్యం. మనలో కొంతమంది కెమెరా ఆన్ చేయగానే టీవీ యాంకర్ తెలుగులోకి పోతారు, కాలేజీలో వెక్కిరిస్తారని అలవాటైపోయింది. కాగితం వాక్యం వినపడేది ఆ తెలుగులోనే. ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో "అత్యుత్తమ నాణ్యత" అనే మాట నోటికి రానే రాదు, కాబట్టి కాగితం దానంతటదే పక్కకి పోద్ది.

మిగిలినవి వారంటీ, కోడ్. ఇవి పనికి అతుక్కోవు, పరీక్షకీ లొంగవు. వారంటీని చివరికి నెట్టకుండా పెట్టెలో కార్డు దొరికినప్పుడే చదివాం. ఆరు నెలలు మోటారుకి, బ్యాటరీకి, చార్జర్‌కి మాత్రమే. ట్యాంకుకి, గొట్టానికి, నాజిళ్లకి లేదు. కార్డు మీద షాపువాళ్ల ముద్ర ఉంటేనే చెల్లుద్ది. ఈ ముద్ర సంగతి బ్రీఫ్‌లో లేదు. "ఆరు నెలల వారంటీ ఉంది" అని అప్పజెప్పే బదులు "కొన్న రోజే ముద్ర వేయించుకోండి, లేకపోతే ఆరు నెలలూ ఉండవు" అన్నాం. పాయింటు అదే, వినేవాడికి పనికొచ్చేట్టు.

కోడ్ మాత్రం అడ్వర్టైజ్‌మెంటే. దాన్ని సహజంగా చేయడానికి తంటాలు పడొద్దు. మాటల మధ్య తెలియకుండా జారవిడిచామనుకోండి, అప్పటిదాకా చెప్పినవాటి మీద కూడా అనుమానం వస్తది. పరీక్ష అయిపోయాక, రేటు ఎంత అని ఎవరైనా అడిగే చోట, నేరుగా కెమెరా చూసి పదిహేను సెకన్లు చెప్పాం: "ఇది కంపెనీ వాళ్లు చెప్పమన్నది. ఈ కోడ్ కొడితే ఇంత తగ్గుద్ది, ఈ తేదీ దాకా. మీరు కోడ్ వాడితే మాకు విడిగా ఏమీ రాదు." ఆఖరి వాక్యం మా ఒప్పందంలో నిజం కాబట్టి చెప్పాం. మీకు కమీషన్ వచ్చేట్టుంటే వస్తదని చెప్పండి.

ఎడిటింగ్ అయ్యాక మేం చేసే పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది. హాస్టల్లో వీడియో గురించి ఏమీ తెలియనివాళ్లని ముగ్గుర్ని కూర్చోబెట్టి, "ఎక్కడ అడ్వర్టైజ్‌మెంటు అనిపిస్తే అక్కడ చెయ్యెత్తండి" అంటాం. ఈ వీడియోకి ముగ్గురూ రెండుచోట్ల ఎత్తారు. 12వ సెకనులో ఒకసారి, కోడ్ దగ్గర ఒకసారి. ఆ రెండూ మేం అడ్వర్టైజ్‌మెంటని చెప్పి చెప్పినవే. మధ్యలో ఎక్కడైనా చెయ్యి లేస్తే ఆ ముక్క చూడాల్సిందే. ఒకళ్లు బ్యాటరీ కాగితం దగ్గర సగం ఎత్తి దించారు. ఎందుకంటే అక్కడ మేం "శక్తివంతమైన" అనే మాట వాడాం. ఆ ఒక్క మాట కోసేసి, పైనున్న ఫోన్లో మావయ్య చెయ్యి తలుపు తీసే దృశ్యం అతికించాం.

వీడియో ఎక్కించిన వారానికి యూట్యూబ్ స్టూడియోలో చూస్తే, జనం ఎక్కడ ఉన్నారో ఎక్కడ వెళ్లిపోయారో చూపించే గీత ఉంటది కదా, అది కోడ్ దగ్గర పడింది. పడుద్దని తెలుసు. కాటా దగ్గర, మాస్కు దగ్గర మాత్రం పైకి లేచింది, అంటే వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. ఆ గీత ఫోటో తీసి కంపెనీకి పంపాం, మిగతా 2,000తో పాటు ఇంకో బ్రీఫ్ కూడా వచ్చింది. ఈసారి కలుపు తీసే మిషన్. పాయింట్లు పదకొండు. ఎనిమిది నిమిషాల వీడియోలో ఏడు పాయింట్లే ఎక్కువ, పదకొండు పట్టవు. ఐదు ఎంచుకోండి, లేకపోతే రెండు వీడియోలు చేద్దాం, రెండో వీడియోకి విడిగా డబ్బులు అని రాశాం. ఇంకా జవాబు రాలేదు.

స్ప్రేయర్ మావయ్య దగ్గరే ఉంది. నిన్న ఫోన్ చేస్తే బెల్టు కుట్టు ఒక పక్క వదిలిందని, చెప్పులు కుట్టే ఆయనతో 30 రూపాయలకి రెండో వరస వేయించానని చెప్పాడు. ఆ మాట ఆ వీడియో కింద పిన్ చేసిన కామెంట్లో పెట్టాం.

మీలో ఎవరికైనా బ్రీఫ్ వచ్చి ఉంటే కంపెనీ పేరు కొట్టేసి పాయింట్లు మాత్రం కింద పెట్టండి. ఏది ఏ పనికి అతుక్కుంటదో కూర్చుని చూద్దాం.